ఎడిటర్ గారికి స్టోరీ ఐడియా ఎలా పంపాం: మురమళ్ళ హాస్టల్ నుంచి



మా వరద ఆర్టికల్ లింకు గ్రూపులో పెట్టాక చాలామంది ఒకటే అడిగారు. "మీకు ఎడిటర్ ఎవరైనా తెలుసా? ఎలా వేశారు?" అని. మాకు ఎవరూ తెలీదు. మేం నలుగురం మురమళ్ళలో హాస్టల్లో ఒకే రూములో ఉంటాం. ఇద్దరం దేవీపట్నం మండలం వాళ్ళం, ఒకడు కూనవరం, ఒకడు చింతూరు. మా నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పేపరాఫీసులో చుట్టాలుండే అవకాశమే లేదు. మెయిల్ రాశాం, అంతే. ఆ మెయిల్ ఎలా రాశాం, తర్వాత ఏం జరిగింది అన్నది ఇక్కడ వివరంగా చెప్తాం. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక తేడా చెప్పాలి. "గోదావరి వరదలు" అనేది టాపిక్. దాన్ని ఎడిటర్‌కి పంపితే జవాబు రాదు. ఎందుకంటే వరద వస్తే రాయడానికి ఆయన దగ్గర విలేకరులు ఉన్నారు, మనకంటే ముందే రాస్తారు. "లంక గ్రామాల కష్టాలు" అన్నా అంతే, ఏటా అదే హెడ్డింగు. స్టోరీ అంటే ఒకచోట, కొంతమందికి, ఏదో ఒకటి మారుతూ ఉండాలి. దాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఆ వాక్యం చదివినాయన "అవునా, తర్వాత?" అనాలి.

మా వాక్యం ఎక్కడ దొరికిందో చెప్తాం. గోదావరి మా ఊళ్ళ దగ్గర నుంచి కిందకొచ్చి, ధవళేశ్వరం దాటి, పాయలుగా చీలుతుంది కదా. అందులో గౌతమి పాయ మురమళ్ళ పక్కనుంచే సముద్రానికి పోతుంది. అంటే మేం పుట్టింది పైన, చదివేది కింద, నది ఒకటే. వానాకాలం వస్తే మా ఇళ్ళ నుంచి ఫోన్లు ఒకటే ప్రశ్నతో వస్తాయి. "భద్రాచలంలో ఎంత ఉందిరా, టీవీలో ఏమంటున్నారు?" అని. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర లెక్క వేరు. 11.75, 13.75, 17.75 అడుగులు. భద్రాచలంలో పెరిగిన నీరు సుమారు ఒక రోజు తర్వాత ధవళేశ్వరంలో కనపడుతుంది. 2022 జూలైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది, అది మనందరికీ గుర్తే.

ఒక ఆదివారం రేవు దగ్గర పడవ నడిపే బాబాయితో మాట్లాడుతూ "17.75 అంటే మీ లంకలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయండి?" అని అడిగాం. ఆయన నవ్వాడు. "ఆయ్, ఆ అంకెలు మాకెందుకండి బాబూ. రావిచెట్టు మొదలు తడిస్తే గేదెల్ని తోలేత్తాం. చెట్టు కొమ్మ చీలిన చోటికొస్తే మనుషులం ఎక్కేత్తాం" అన్నాడు. చెట్టేది అని అడిగితే నదిలోకి చెయ్యి చూపించాడు. ఒడ్డు కోసుకుపోయి మూడేళ్ళయిందట. "మరిప్పుడు?" అంటే కాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి రూములో దాని మీదే మాట. మా దేవీపట్నం వైపు తాతలకు కూడా అచ్చం ఇలాంటి లెక్కే ఉండేది. ఒక చింతచెట్టు, ఒక బండ. ప్రాజెక్టు కింద ఊళ్ళు ఖాళీ చేసి కాలనీలకు వచ్చాక చెట్టూ లేదు, బండా లేదు. అందుకే టీవీ అంకె కోసం మాకు ఫోన్ చేస్తారు. ఆ అంకె తెలిసినా ఏం చెయ్యాలో తెలీదు. కూనవరం వాడు ఇంకోటి చెప్పాడు. వాళ్ళకి గోదావరి పెరిగితే శబరి వెనక్కి తన్నుతుంది, కాబట్టి వాళ్ళ గుర్తులన్నీ శబరి గట్టునే ఉంటాయట.

అక్కడ వాక్యం దొరికింది: నది పొడవునా జనం వరదని కొలుచుకునే సొంత గుర్తులు పోతున్నాయి, వాటి చోట వచ్చిన అంకెలు వాళ్ళకి అర్థం కావు. ఇది వరద వార్త కాదు. వరద రాకముందే చెప్పాల్సిన సంగతి. విలేకరి అన్నకు రేవు దగ్గర ఆదివారమంతా కూర్చునే తీరిక ఉండదు. మాకు ఉంది, పైగా రెండు చివర్లా మనుషులున్నారు.

ఇక ఎవరికి పంపాలి? అన్నిచోట్లా ఒకే పద్ధతి ఉండదు. తెలుగు పత్రికల్లో కథ, కవిత, వ్యాసం అయితే ఐడియా పంపడం అలవాటు లేదు. మొత్తం రాసి, "ఇది నా సొంత రచన, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు" అనే హామీతో పంపాలి. వెనకటికి పోస్టులో పంపేవాళ్ళు తిరుగు స్టాంపులు అతికించిన కవరు కూడా జతచేసేవాళ్ళు. 1998 నుంచి వస్తున్న ఈమాట లాంటి వెబ్ పత్రికలు కూడా పూర్తి రచనే చూస్తాయి. రిపోర్టింగ్ స్టోరీలు వేసే న్యూస్ వెబ్‌సైట్లు, ఆదివారం అనుబంధాలు మాత్రం ముందు ఐడియా చెప్పమంటాయి. ఎందుకంటే అది ఎలా రావాలో, ఎంత పొడవుండాలో వాళ్ళు చెప్పదలుచుకుంటారు. ఏ సైటు ఏం కోరుకుంటుందో వాళ్ళ పేజీ అడుగున "రచనలు పంపండి", "కంట్రిబ్యూట్" అని ఉన్నచోట రాసి ఉంటుంది. దాంతోపాటు ఆ సైటులో గత మూడు నెలల్లో వరద అనే మాటతో ఏమేం వచ్చాయో వెతికి చదివాం. ఒక సైటులో లంకల మీద పెద్ద ఆర్టికల్ నెల కిందటే వచ్చింది, దాన్ని లిస్టులోంచి తీసేశాం. ఎలా రాస్తే ఊరి మనిషి మాట ఊరి మనిషి మాటలా వస్తుందో చూసుకోవడానికి పి. సాయినాథ్ గారు 2014లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియాలో తెలుగు పేజీలు చదివాం. పనికొచ్చింది.

హామీ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాం, ఇది మన గ్రూపు వాళ్ళకి బాగా అవసరం. మనం ఏది రాసినా ముందు ఇక్కడే పెట్టేస్తాం. ఫేస్‌బుక్, బ్లాగు, వాట్సాప్ గ్రూపు, ఎక్కడ పెట్టినా చాలా పత్రికల లెక్కలో అది ప్రచురించినట్టే. తర్వాత "ఎక్కడా రాలేదు" అని హామీ రాయలేం. పత్రికకు పంపే ఉద్దేశం ఉంటే గ్రూపులో పెట్టకుండా ఆపుకోండి. అచ్చయ్యాక లింకు పెట్టండి. మేం అలాగే చేశాం.

మెయిల్ ఇదీ. మా పేర్లు, నంబర్లు తీసేసి పెడుతున్నాం.

సబ్జెక్ట్: స్టోరీ ఐడియా: రావిచెట్టు పోయాక లంకలో వరదని ఎలా కొలుస్తున్నారు (జూలై లోపు)

"ఎడిటర్ గారికి నమస్కారం.

మురమళ్ళ దగ్గర ఒక లంకలో గోదావరి ఎంత పెరిగితే ఊరు ఖాళీ చెయ్యాలో ఒక రావిచెట్టు చెప్పేది. మూడేళ్ళ కిందట ఒడ్డు కోతలో ఆ చెట్టు పోయింది. ఇప్పుడు వాళ్ళకి మిగిలింది ధవళేశ్వరం దగ్గర ప్రకటించే 17.75 అడుగుల అంకె ఒక్కటే. ఆ అంకెకి తమ ఇంటి గుమ్మం మునుగుతుందో లేదో వాళ్ళకి తెలియదు. ఇదే నదికి పైన, దేవీపట్నం మండలం నుంచి పునరావాస కాలనీలకు వెళ్ళిన కుటుంబాలదీ ఇదే పరిస్థితి.

జూలైలో వరదలు మొదలయ్యేలోపు ఈ స్టోరీ రావాలని మా ఉద్దేశం. వరద వచ్చాక నీళ్ళ ఫోటోలే వస్తాయి, ఈ ప్రశ్న వెనక్కి పోతుంది.

లంకలో పడవ నడిపే ఒకరితో, ఇద్దరు రైతులతో ఇప్పటికే మాట్లాడాం. కాలనీలో ఇద్దరు పెద్దలు మాట్లాడతామన్నారు. వరద హెచ్చరికలు చూసే మండల అధికారిని కూడా కలుస్తాం. లంకలో ఈ అంకెలను స్థానిక గుర్తులుగా మార్చి చెప్పే ఏర్పాటు ఉందా అని అడుగుతాం.

మేం నలుగురం డిగ్రీ విద్యార్థులం, మురమళ్ళలో హాస్టల్లో ఉంటాం. మా ఇళ్ళు ఏజెన్సీలో, ఇదే గోదావరి, శబరి ఒడ్డున. 1,200 పదాలు, ఆరు ఫోటోలు మీరు సరేనన్న రోజు నుంచి పన్నెండు రోజుల్లో ఇవ్వగలం. ఇది ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే ఎవరికీ పంపలేదు. జూన్ 20 లోపు మీ నిర్ణయం తెలియజేస్తే సంతోషిస్తాం.

కృతజ్ఞతలతో..."

ఇంతే. ఫోన్‌లో ఒకటిన్నర స్క్రీను. ఇందులో ఒక్కో పేరా ఎడిటర్ మనసులో వచ్చే ఒక్కో ప్రశ్నకి జవాబు. మొదటిది స్టోరీ ఏంటి, రెండోది ఇప్పుడే ఎందుకు, మూడోది నిజంగా చెయ్యగలరా, నాలుగోది మీరెవరు, ఎంత, ఎప్పటికి. "మేము పేద గిరిజన విద్యార్థులం, దయచేసి అవకాశం ఇవ్వండి" అని ఒక్క ముక్క పెట్టలేదు. ఏజెన్సీ అన్న మాట ఉంది, ఎందుకంటే స్టోరీలో సగం అక్కడే ఉంది. అది మా అర్హత, జాలి కోసం కాదు.

సబ్జెక్ట్ లైనులో "స్టోరీ ఐడియా" అన్న మాట తప్పకుండా ఉండాలి. డెస్క్‌కి రోజూ ప్రెస్ నోట్లు గుట్టలుగా వస్తాయి, ఇది ప్రెస్ నోటు కాదని అక్కడే తెలియాలి. అటాచ్‌మెంట్ ఏదీ పెట్టలేదు. మా దగ్గర అచ్చైన ఆర్టికల్స్ లేవు కాబట్టి లింకులు ఇవ్వలేదు, ఆ లేమి గురించి మాట్లాడలేదు కూడా. ముందే ముగ్గురితో మాట్లాడి ఉండటమే కొత్తవాళ్ళకి సర్టిఫికెట్ అని మా అభిప్రాయం.

పడవ బాబాయి పేరు, లంక పేరు మెయిల్లో రాయలేదు గమనించారా. దానికి రెండు కారణాలు. ఒకటి, పేపర్లో పేరు వేసుకోవచ్చా అని ఆయన్ని అప్పటికింకా అడగలేదు. రెండోది, ఐడియాకి కాపీరైట్ ఉండదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: ఆలోచన మీద, ఇతివృత్తం మీద హక్కు రాదు, దాన్ని మనం రాసిన తీరు మీదే వస్తుంది. కాబట్టి మన ఐడియా చదివి ఎవరైనా తమ విలేకరిని పంపితే చట్టం అడ్డుపడదు. అట్లాగని భయపడి సగం దాచి పంపితే ఎడిటర్‌కి ఏమీ అర్థం కాదు. స్టోరీ మొత్తం చెప్పాలి, మనుషుల దగ్గరకు వెళ్ళే దారి మాత్రం మన దగ్గర ఉంచుకోవాలి. మేం ఆ గీత దగ్గర ఆగాం.

జూన్ 3న ఒక దినపత్రిక ఆదివారం అనుబంధానికి పంపాం. పేరు చెప్పం. పది రోజులు ఏమీ రాలేదు. 13న అదే మెయిల్ కింద, కొత్త మెయిల్ కాకుండా రిప్లై కొట్టి, రెండు వాక్యాలు రాశాం. "జూన్ 3న పంపిన ఐడియా గురించి గుర్తు చేస్తున్నాం. ఈలోపు కాలనీ పెద్దలతో కూడా మాట్లాడాం, స్టోరీ సిద్ధంగా ఉంది." రిమైండర్ అంటే ఊరికే "చూశారా సార్" అనడం కాదు, కొత్త ముక్క ఒకటైనా ఉండాలి. అలా రాస్తే పాత మెయిల్ మళ్ళీ పైకొస్తుంది, చదివే కారణమూ ఉంటుంది. ఫోన్ చెయ్యలేదు. ఆఫీసు నంబరు దొరికింది కానీ సాయంత్రం పేజీలు కట్టే వేళ మన ఫోను ఎవరికీ నచ్చదు.

20 దాకా జవాబు లేదు. రాత్రి ఇంకో మెయిల్ పెట్టాం: "స్టోరీ సమయం దాటిపోతున్నందున దీన్ని వేరేచోటికి పంపుతున్నాం. మరో ఐడియాతో మళ్ళీ రాస్తాం." దీన్నే వెనక్కి తీసుకోవడం అంటారు. ఇది రాయకుండా ఇంకోచోటికి పంపితే, రేపు రెండుచోట్లా ఒప్పుకుంటే మన మాట పోతుంది. మొదటి మెయిల్లోనే తేదీ పెట్టుకోవడం ఇందుకే. వరద లాంటి సీజన్ స్టోరీకి పది రోజులు, ఇంకో వారం చాలు. సీజన్‌తో పని లేనిదైతే రెండు వారాలు ఆగి రిమైండర్, ఇంకో రెండు వారాలు ఆగి వెనక్కి. మాసపత్రికలకు ఇంకా ఓపిక కావాలి. దీపావళి సంచికకి అనుకున్నది అక్టోబరులో పంపితే ఉపయోగం లేదు, పేజీలు అంతకు చాలాముందే నిండిపోతాయి.

21న ఒక వెబ్‌సైటుకి పంపాం. మొదటి పేరాలో ఆ సైటుకి తగ్గట్టు రెండు మాటలు మార్చాం, తేదీ మార్చాం. 24న జవాబు వచ్చింది. ఆమె (అక్క అనే పిలుస్తున్నాం ఇప్పుడు) మూడు సంగతులు అడిగారు. అధికారి కలుస్తారని నమ్మకం ఉందా? ఫోటోల్లో మనుషుల అనుమతి ఉందా? "మీరు గిరిజన విద్యార్థులు కదా, దీనికన్నా మీ హాస్టల్ కష్టాల మీద రాస్తే బావుంటుందేమో?"

మూడోది చదివి రూములో గంట సేపు గొడవ. ఒకడు "ఒప్పుకుందాం, ముందు పేరు పడనీ" అన్నాడు. వాడి మాటలో తప్పేం లేదు, మనకి తలుపులు తెరుచుకునేదే తక్కువ. కానీ మనం కనపడగానే కష్టం చెప్పమనడం, నది గురించి, లెక్క గురించి మనకి తెలిసింది అడగకపోవడం మాకు కొత్త కాదు. చివరికి ఇలా రాశాం: "హాస్టల్ మీద రాయడానికి మా దగ్గర ఇప్పుడు స్టోరీ లేదక్కా, మా అనుభవం మాత్రమే ఉంది. వరద గుర్తుల మీద స్టోరీ ఉంది, రెండు చివర్లా మనుషులున్నారు. కాలనీ పెద్దల భాగం మేమే చెయ్యగలం, వాళ్ళు మాతో మా మాటలో మాట్లాడతారు." మర్యాదగా, కారణంతో. గంటలో "సరే, చెయ్యండి" అని వచ్చింది.

ఆ "సరే" వచ్చిన రోజే అడగాల్సినవి అడిగేశాం: ఎన్ని పదాలు, ఏ రోజుకి, పారితోషికం ఎంత, ఎప్పుడు, పేర్లు ఎలా వేస్తారు. పైసల మాట మనవాళ్ళం అడగం, సిగ్గు. రాశాక అడగడం కన్నా ముందు అడగడం తేలిక, వాళ్ళకీ అలవాటే. ఆర్టికల్‌కి, ఫోటోలకి కలిపి 1,500 అన్నారు, అచ్చైన నెల లోపు. నాలుగు పేర్లూ వేస్తామన్నారు. అది మెయిల్లో రాతపూర్వకంగా ఉంది.

పడవ బాబాయి దగ్గరికి మళ్ళీ వెళ్ళి పేరు వేసుకోవచ్చా అని అడిగాం. "పేరు ఏసుకోండి, లంక పేరు ఒద్దు, మళ్ళీ మండలం నుంచి ఎవరో ఒకరు వత్తారు" అన్నాడు. లంక పేరు తీసేశాం. అక్క ఎందుకని అడిగారు, చెప్పాం, ఒప్పుకున్నారు. అధికారిని రెండుసార్లు వెళ్తే మూడోసారి కలిశాం. లంకలో కొన్నిచోట్ల స్తంభాలకి రంగు గీతలు గీయించే ఆలోచన ఉందన్నారు. ఆలోచన ఉందనే రాశాం, గీశారని రాయలేదు.

1,200 పంపితే 1,050కి కుదించారు. శబరి వెనక్కి తన్నే పేరా ఎగిరిపోయింది. కూనవరం వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, మూడో రోజు "అది వేరే స్టోరీ అవుద్దిలే" అన్నాడు. జూలై 9న వచ్చింది. డబ్బు నెల దాటినా రాలేదు. ఆగస్టు 12న అదే మెయిల్ కింద బ్యాంకు వివరాలు మళ్ళీ పెట్టి రెండు వాక్యాల రిమైండర్ రాస్తే ఐదో రోజు పడింది. పడవ, బస్సు ఖర్చులు 240 తీసేసి మిగతాది నాలుగు వాటాలు, తలా 315.

ఇప్పుడు ఇంకోటి పంపి ఉన్నాం. మురమళ్ళ భద్రకాళీ వీరేశ్వరస్వామి గుళ్ళో నిత్య కళ్యాణం మీకు తెలుసుగా, రోజూ దేవుడి పెళ్ళి. రోజూ పెళ్ళి వాయించే సన్నాయి వాళ్ళ జీతం, శ్వాస, చేతికింద నేర్చుకునే పిల్లలు, ఇదీ ఐడియా. ఈసారి మాసపత్రిక. రిమైండర్ రోజు వచ్చే మంగళవారం, గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి ఉంది. మీలో ఎవరైనా ఐడియా మెయిల్ రాసుకుంటే పంపే ముందు మాకు చూపించండి, మా నలుగురిలో ఎవరో ఒకరం చదివి చెప్తాం. గ్రూపులో మాత్రం పెట్టకండి.